మెట్టు పడితే ఒక లోపం, మలుపు జారితే ఇంకో లోపం

ఒక రైస్ మిల్లు కప్పు మీద మూడు వరుసల సోలార్ ప్యానెళ్లు ఉన్నాయనుకుందాం. మిర్యాలగూడ వైపు ఇలాంటి కప్పులు కొత్తేమీ కాదు. ఒక్కో వరుసలో 18 ప్యానెళ్లు, ఒక్కోటి 325 వాట్లది, పెట్టి ఏడేళ్లయింది. ఒక ప్యానెల్ ప్లస్సుకు పక్క ప్యానెల్ మైనస్సు కలుపుతూ పోయిన ఈ వరుసను స్ట్రింగ్ అంటారు. ఇన్వర్టర్ తెర మీద మొదటి స్ట్రింగ్ బాగానే ఇస్తోంది. రెండోది దానికంటే 12 శాతం తక్కువ, మూడోది 5, 6 శాతం తక్కువ. "పాతబడ్డాయి, మార్చేద్దాం" అని ఒకరంటారు. "దుమ్ము పట్టింది, కడిగితే చాలు" అని ఇంకొకరంటారు. ఎంత తగ్గిందో ఇన్వర్టర్ చెబుతుంది గానీ ఎందుకు తగ్గిందో చెప్పదు. అది తేల్చడానికి వాడే పరికరమే ఐవీ కర్వ్ ట్రేసర్.

ఐ అంటే కరెంటు, వీ అంటే వోల్టేజి. ఇన్వర్టర్ ప్యానెళ్లను ఎప్పుడూ ఏదో ఒక వోల్టేజి దగ్గరే పనిచేయిస్తుంది. ట్రేసర్ అలా కాదు. సున్నా వోల్టేజి నుంచి అత్యధిక వోల్టేజి దాకా స్ట్రింగును ఒక్కసారి నడిపించి, దారి పొడవునా ఎంత కరెంటు వస్తోందో కొలిచి గీత గీస్తుంది. చాలా ట్రేసర్లలో ఇందుకు వాడేది ఒక కెపాసిటర్. ఖాళీ కెపాసిటర్‌ను స్ట్రింగుకు తగిలించగానే మొదట షార్ట్ సర్క్యూట్ లాగే ఉంటుంది, కరెంటు పూర్తిగా పారుతుంది. అది నిండేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. పూర్తిగా నిండాక కరెంటు ఆగిపోతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. ఈలోగానే పరికరం వంద పైచిలుకు బిందువులు నమోదు చేసుకుంటుంది.

మంచి స్ట్రింగ్ గీత ఆకారం గుర్తుపెట్టుకోవడం తేలిక. ఎడమ చివర షార్ట్ సర్క్యూట్ కరెంటు దగ్గర మొదలై కుడివైపుకు దాదాపు బల్లపరుపుగా సాగుతుంది. ఒక చోట మలుపు తిరుగుతుంది. అక్కడి నుంచి నిటారుగా కిందికి దిగి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి దగ్గర ఆగుతుంది. అంటే బల్లపరుపు, మలుపు, దిగుడు. ఎక్కువ వాట్లు వచ్చేది మలుపు దగ్గరే. ఈ మూడు భాగాల్లో ఆకారం ఎక్కడ చెడిందో చూస్తే, లోపం ఏ జాతిదో సగం తెలిసినట్టే.

కొలిచే ముందు చేయాల్సిన పనులను తేలిగ్గా తీసుకోకూడదు. ముందు ఇన్వర్టర్ ఆపాలి, తర్వాత డీసీ ఐసోలేటర్ తీయాలి, క్లాంప్ మీటరు పెట్టి స్ట్రింగులో కరెంటు సున్నా అయిందని చూసుకోవాలి. ఆ తర్వాతే ఫ్యూజు గానీ కనెక్టరు గానీ ముట్టుకోవాలి. కరెంటు పారుతుండగా డీసీ కనెక్టరు లాగితే పుట్టే మంట ఏసీలోలాగా తనంతట తాను ఆరిపోదు. ఎండను కొలిచే సెన్సర్‌ను ప్యానెళ్లు ఏ వాలులో ఉన్నాయో సరిగ్గా అదే వాలులో బిగించాలి. ఉష్ణోగ్రత సెన్సర్‌ను ప్యానెల్ వెనక నడుమ అతికించాలి. అంచు దగ్గర గాలి తగిలి చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, ఎండ చదరపు మీటరుకు 700 వాట్లు దాటిన వేళ, అంటే మధ్యాహ్నం అటూ ఇటూ కొలవడం మంచిది.

మన మిల్లు కప్పు మీద ఆ వేళకు ఎండ 820 వాట్లు, ప్యానెళ్ల వేడి 55 డిగ్రీలు ఉందనుకుందాం. ఇప్పుడు ఎంత రావాలో లెక్క వేసుకోవచ్చు. 18 ప్యానెళ్లకు 325 చొప్పున 5,850 వాట్లు. అది 1,000 వాట్ల ఎండలో, 25 డిగ్రీల వేడి దగ్గర వచ్చే లెక్క. ఎండ 82 శాతమే ఉంది కాబట్టి 4,797. వేడి 30 డిగ్రీలు ఎక్కువ. ఇలాంటి ప్యానెళ్లలో డిగ్రీకి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది కాబట్టి ఇంకో 12 శాతం తీసేస్తే సుమారు 4,220 వాట్లు. ఈ లెక్కను ట్రేసరే చేసి, రావాల్సిన గీతను చుక్కలతో చూపిస్తుంది. మొదటి స్ట్రింగ్ 578 వోల్టుల దగ్గర 7.1 ఆంపియర్లు, అంటే 4,104 వాట్లు ఇచ్చింది. మూడు శాతం తక్కువ. ఏడేళ్ల ప్యానెళ్లకు అది మామూలే. ఆకారమూ శుభ్రంగా ఉంది. ఇకపై మిగతా రెండింటిని దీనితోనే పోల్చుతాం.

రెండో స్ట్రింగ్ గీత మొదటి చూపులోనే తేడా చూపిస్తుంది. ఎడమ చివర 7.5 ఆంపియర్లు, కుడి చివర 734 వోల్టులు, రెండూ సరిగానే ఉన్నాయి. కానీ 510 వోల్టుల దగ్గర గీత తొందరపడి కిందికి దిగింది. 575 దగ్గర మళ్లీ నిలదొక్కుకుని 5.1 ఆంపియర్ల దగ్గర కొంతదూరం బల్లపరుపుగా సాగింది. 640 దాటాక పూర్తిగా దిగిపోయింది. గీత మధ్యలో స్పష్టంగా ఒక మెట్టు పడింది.

మెట్టు ఎందుకు పడుతుందో అర్థం కావాలంటే స్ట్రింగ్ లోపలి ఏర్పాటు కొంచెం తెలియాలి. ఇల్లు స్లాబు వేసేటప్పుడు కాంక్రీటు తట్టలు చేతులు మార్చే మనుషుల వరుసను చూసే ఉంటారు. ఆ వరుసలో ఒకరు నెమ్మదిస్తే అందరూ ఆ వేగానికే దిగాలి. స్ట్రింగులో కరెంటూ అంతే. ఒక సెల్లుకు ఎండ తక్కువ తగిలితే వరుస మొత్తానికి ఆ తక్కువ కరెంటే గతి. అందుకే 72 సెల్లుల ప్యానెల్‌ను 24 సెల్లుల చొప్పున మూడు గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక బైపాస్ డయోడు పెడతారు. గుంపు వెనకబడితే కరెంటు దాన్ని వదిలేసి డయోడు గుండా వెళ్లిపోతుంది. ఆ గుంపు ఇవ్వాల్సిన వోల్టేజి పోతుంది, డయోడులో ఇంకో అర వోల్టు వృథా అవుతుంది, కానీ మిగతా వరుస పూర్తి కరెంటుతో నడుస్తుంది. మెట్టుకు ఎడమవైపు ఉన్న భాగం వెనకబడిన గుంపులను వదిలేసి నడిచినప్పటిది. కుడివైపు ఉన్నది వాటిని కూడా కలుపుకుని తక్కువ కరెంటుతో నడిచినప్పటిది.

కాబట్టి మెట్టుకు రెండు కొలతలు ఉంటాయి, రెండిటికీ అర్థముంది. మొదటిది, మలుపు ఎంత ఎడమకు జరిగిందన్నది. మంచి స్ట్రింగులో మలుపు 578 వోల్టుల దగ్గరుంది, ఇందులో 510 దగ్గర. తేడా 68 వోల్టులు. 18 ప్యానెళ్లలో 54 గుంపులు కాబట్టి మలుపు దగ్గర ఒక్కో గుంపు వాటా 10.7 వోల్టులు. డయోడు నష్టం కూడా కలుపుకుంటే వెనకబడినవి ఆరు గుంపులని తేలుతుంది. రెండోది మెట్టు లోతు. కరెంటు 7.5 నుంచి 5.1కి దిగింది, అంటే ఆ గుంపులు సుమారు మూడో వంతు వెలుతురు కోల్పోయాయి.

ఆరు గుంపులు సరే, అవి ఎక్కడున్నాయి? దీనికి గీత దగ్గర జవాబు లేదు. రెండు ప్యానెళ్లు పూర్తిగా వెనకబడినా ఆరు గుంపులే, ఆరు ప్యానెళ్లలో ఒక్కో గుంపు వెనకబడినా ఆరే. కారణం కూడా గీత చెప్పదు. పక్కనున్న నీళ్ల ట్యాంకు నీడ కావచ్చు, ప్యానెళ్ల అంచున పేరుకున్న ఊక బూడిద కావచ్చు, ఎప్పుడో పగిలిన రెండు ప్యానెళ్ల స్థానంలో పెట్టిన వేరే రకం ప్యానెళ్లు కావచ్చు. వరుసలో కరెంట్లు కలవకపోవడాన్ని మిస్‌మ్యాచ్ అంటారు. నీడ వల్ల వచ్చినా, మురికి వల్ల వచ్చినా, వేరే మోడల్ వల్ల వచ్చినా గీతలో కనిపించేది అదే మెట్టు.

ఈ అనుమానాలను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోవాలి. లోతు చూస్తే వేరే మోడల్ అనుమానం వెంటనే బలహీనపడుతుంది. 325 వాట్ల ప్యానెల్ పోయి 310 వాట్లది వస్తే కరెంటు తేడా కొద్ది శాతమే ఉంటుంది గానీ మూడో వంతు ఉండదు. ఎక్కువ కరెంటున్న కొత్త ప్యానెల్ పెడితే అసలు మెట్టే పడదు, దాని అదనపు సత్తా వృథా అవుతుంది, అంతే. ఇక నీడ సంగతి. గంట ఆగి మళ్లీ గీత తీస్తే చాలు. సూర్యుడు జరుగుతాడు, నీడ జరుగుతుంది, మెట్టు వెడల్పో లోతో మారుతుంది. మన స్ట్రింగులో గంట తర్వాత కూడా మెట్టు కదల్లేదు. మిగిలింది మురికి.

ఇప్పుడు కప్పు మీదికెళ్లి చూస్తే విషయం తెలుస్తుంది. ప్యానెళ్లను అడ్డంగా, తక్కువ వాలుతో, ఆరేసి చొప్పున మూడు అంతస్తులుగా పెట్టారు. మంచుకు తడిసిన బూడిద జారి, అట్టడుగు వరుసలోని ఆరు ప్యానెళ్ల కింది ఫ్రేమును ఆనుకుని గట్టిపడింది. పైనుంచి చూస్తే రెండు వేళ్ల వెడల్పు పట్టీ, అంతకు మించి ఏమీ లేదు. అయితే ఆ పట్టీ కింది వరుస సెల్లులన్నింటినీ మూడో వంతు మేర మూసేసింది. అడ్డంగా పెట్టిన ప్యానెల్లో కింది గుంపు సెల్లులు కింది అంచు వెంబడే ఉంటాయి. అందుకే ప్యానెల్‌కు ఒక్క గుంపే పడిపోయింది, ఆరు ప్యానెళ్లకు ఆరు. అవే ప్యానెళ్లను నిలువుగా పెట్టి ఉంటే అదే పట్టీ మూడు గుంపులనూ దెబ్బతీసేది.

కడిగి, ఆరి, మళ్లీ వేడెక్కాక గీత తీయాలి. తడి ప్యానెల్ చల్లగా ఉంటుంది కాబట్టి వెంటనే తీస్తే పాత గీతతో పోల్చలేం. ఈసారి పెద్ద మెట్టు మాయమైంది. కానీ మలుపుకు కాస్త ముందు ఇంకో చిన్న మెట్టు బయటపడింది. వెడల్పు 11 వోల్టులు, అంటే ఒక్క గుంపు. ఇంతసేపూ పెద్ద మెట్టు చాటున అది కనబడలేదు. ఇది కడిగినా పోలేదు, గంట ఆగినా కదల్లేదు. సెల్లు పగిలి కొంత భాగం వరుస నుంచి విడిపోయినప్పుడు గీత ఇలాగే ఉంటుంది.

ఆ ఒక్క గుంపు ఏ ప్యానెల్లో ఉంది? దీనికి టెక్నీషియన్లు వాడే తేలికైన పద్ధతి మూసి చూడడం. ట్రేసర్‌ను అలాగే ఉంచి, ఒక్కో ప్యానెల్ మీద మందపాటి అట్టో దుప్పటో పూర్తిగా కప్పి గీత తీస్తూ పోవాలి. మంచి ప్యానెల్‌ను కప్పితే దాని మూడు గుంపులూ పక్కకు తప్పుకుంటాయి. గీత మొత్తం కురుచవుతుంది, చిన్న మెట్టు మాత్రం అలాగే ఉంటుంది. లోపమున్న ప్యానెల్‌ను కప్పినప్పుడు మెట్టు కూడా పోతుంది. కప్పడం సగంసగంగా ఉంటే అదే కొత్త మెట్టును పుట్టిస్తుంది కాబట్టి అంచులు కూడా మూయాలి. ప్యానెళ్లు మరీ ఎక్కువైతే స్ట్రింగును నడుమ విడదీసి ఏ సగంలో మెట్టుందో చూసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేసుకుంటూ పోవచ్చు. ప్యానెల్ దొరికాక థర్మల్ కెమెరాతో చూస్తే పగిలిన సెల్లు సాధారణంగా పక్క సెల్లులకంటే వేడిగా కనిపిస్తుంది. కడిగేవాళ్లు ప్యానెల్ మీద కాలు వేయడం ఇలాంటి పగుళ్లకు ఒక ముఖ్య కారణం.

మెట్టుతో ఇంకో ప్రమాదం ఉంది. మెట్టున్న గీతలో వాట్ల శిఖరాలు రెండు ఉంటాయి. కడగక ముందు రెండో స్ట్రింగులో 510 వోల్టుల దగ్గర సుమారు 3,620 వాట్ల శిఖరం, 640 దగ్గర 3,140 వాట్ల చిన్న శిఖరం ఉన్నాయి. ఇన్వర్టర్ అప్పుడప్పుడు మొత్తం పరిధిని వెతికే రకం కాకపోతే చిన్న శిఖరం మీదే కూర్చుండిపోవచ్చు. అప్పుడు నష్టం 12 శాతం కాదు, 23 శాతం దాటుతుంది. ఇన్వర్టర్ చూపే నష్టానికీ ట్రేసర్ చూపే నష్టానికీ పొంతన లేకపోతే ముందు చూడాల్సింది ఇదే.

మూడో స్ట్రింగ్ కథ వేరు. మెట్టు లేదు. కరెంటు 7.5, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి 733, రెండు చివరలూ బాగున్నాయి. కానీ మలుపు మొనదేలి లేదు, గుండ్రంగా జారిపోయింది. ఆ తర్వాతి దిగుడు నిటారుగా కాక ఏటవాలుగా ఉంది. మలుపు 546 వోల్టుల దగ్గరే వచ్చింది, వాట్లు 3,877. ఇది సిరీస్ రెసిస్టెన్స్ పెరిగిందనడానికి గుర్తు. సెల్లులను కలిపే రిబ్బన్ల టంకాలు ఏళ్ల తరబడి ఎండకూ చలికీ సాగి ముడుచుకుని వదులవడం, తేమ చేరి తుప్పు పట్టడం వల్ల ఇలా జరుగుతుంది. వయసు గీత మీద వేసే ముద్రల్లో ముఖ్యమైనది ఇది.

అయితే కనెక్టరు వదులైనా గీత ఇలాగే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి చిన్న లెక్క ఉంది. మంచి స్ట్రింగుకంటే మలుపు 32 వోల్టులు తగ్గింది, కరెంటు 7.1 ఆంపియర్లు. అంటే అదనంగా చేరిన నిరోధం 4.5 ఓములు, అందులో వేడిగా పోతున్నది దాదాపు 227 వాట్లు. అంత వేడి ఒకే కనెక్టరులో పుడితే అది ఏనాడో కరిగిపోయి ఉండాలి. థర్మల్ కెమెరాలో కనెక్టర్లు, జంక్షన్ బాక్సులు అన్నీ మామూలుగా కనబడితే, ఆ నిరోధం 18 ప్యానెళ్లలోనూ తలా పావు ఓము చొప్పున పరుచుకుని ఉందని అర్థం. ఈ స్ట్రింగ్ కేబుల్ పొడవెక్కువ అన్న వాదన కూడా నిలవదు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 60 మీటర్లు ఎక్కువున్నా అదనపు నిరోధం 0.3 ఓములే.

వయసుకు ఇంకో రెండు ముద్రలున్నాయి. సెల్లుల మీది ప్లాస్టిక్ పొర పసుపెక్కితే గీత ఆకారం మారకుండా కరెంటు మొత్తంగా తగ్గుతుంది. సమానంగా పరుచుకున్న దుమ్ము కూడా అలాగే చేస్తుంది కాబట్టి కడిగి కొలిస్తే గానీ వయసని అనకూడదు. సెల్లు అంచుల గుండా కరెంటు కారిపోతుంటే బల్లపరుపు భాగం వాలుతుంది. ఇక్కడా మోసం ఉంది. 18 ప్యానెళ్లకు కొద్దికొద్ది తేడాలతో దుమ్ము పట్టినప్పుడు చిన్నచిన్న మెట్లన్నీ కలిసిపోయి వాలులాగే కనిపిస్తాయి. ఒక ప్యానెల్‌ను విడిగా కొలిచి చూడాలి. విడిగానూ వాలితే లోపం సెల్లులోది, విడిగా బల్లపరుపుగా ఉంటే స్ట్రింగులో పొత్తు కుదరడం లేదన్నమాట.

మన ఎండలకు వయసు త్వరగా మీద పడుతుందన్నది ఊహ కాదు. బొంబాయి ఐఐటీ, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013 నుంచి పలుమార్లు దేశమంతటా తిరిగి, పాత ప్యానెళ్ల ఐవీ గీతలు తీసి సర్వేలు చేశాయి. వేడి ప్రాంతాల్లో ప్యానెళ్లు చల్లని ప్రాంతాల కంటే త్వరగా క్షీణిస్తున్నాయనీ, నేల మీది పెద్ద ప్లాంట్ల కంటే కప్పుల మీది చిన్నవాటి పరిస్థితి అధ్వాన్నమనీ అవి తేల్చాయి.

అలాగని ఒక్క గీత చూసి "ఏడాదికి ఇంత శాతం పోయింది" అని తీర్పు చెప్పలేం. ఎండ సెన్సర్ వాలు కొంచెం తప్పినా, వేడి కొలత ఐదారు డిగ్రీలు అటూ ఇటూ అయినా, 25 డిగ్రీలకు మార్చిన వాట్ల లెక్కలో కొన్ని శాతాల తప్పు తేలిగ్గా దొర్లుతుంది. ఏడాదికి అర శాతమో ఒక శాతమో ఉండే క్షీణత ఆ తప్పులో మునిగిపోతుంది. వోల్టేజి విషయంలోనూ అంతే. ఒక బైపాస్ డయోడు షార్టయితే 734 వోల్టుల్లో 13, 14 వోల్టులు పోతాయి. వేడి కొలతలో ఆరు డిగ్రీల తప్పు కూడా సరిగ్గా అంతే తేడా చూపిస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు పక్కపక్క స్ట్రింగులను అదే పది నిమిషాల్లో కొలిచి ఒకదాని మీద ఒకటి గీతలు పేర్చి చూస్తారు. ఎండ, వేడి అందరికీ ఒకటే కాబట్టి మిగిలే తేడా స్ట్రింగుదే. ప్లాంటు పెట్టిన రోజు తీసిన గీతలు దాచి ఉంచితే ఏళ్ల తర్వాత వాటికి విలువ తెలుస్తుంది. కమిషనింగ్ పరీక్షలకు వర్తించే ఐఈసీ 62446-1 ప్రమాణంలో ఐవీ గీతకు చోటుంది కాబట్టి వాటిని కాంట్రాక్టరును అడిగి తీసుకోవచ్చు.

ప్రతి ప్యానెల్‌కూ ఆప్టిమైజరో మైక్రో ఇన్వర్టరో ఉన్న చోట స్ట్రింగ్ గీత తీయలేం. కొత్త తరం అధిక సామర్థ్యం ప్యానెళ్లను మరీ వేగంగా నడిపిస్తే గీత వంకరపోతుంది, వాటికి నెమ్మదిగా నడిపే ట్రేసర్ కావాలి. మబ్బు దాటుతున్నప్పుడు తీసిన గీతలో మెట్టు లాంటిది కనబడితే నమ్మకుండా మళ్లీ తీయాలి.

ఇప్పుడు మిల్లు యజమాని ఏం చేయాలి? రెండో స్ట్రింగులో నష్టమంతా దాదాపు బూడిదదే. అట్టడుగు వరుస కింది అంచును నెలకోసారి తుడిపిస్తే పోతుంది. పగిలిన సెల్లున్న ప్యానెల్ వల్ల పోయేది 80 వాట్ల లోపే. సెల్లు వేడి పెరగకుండా ఉన్నంతవరకు దాన్ని గమనిస్తూ ఉండొచ్చు. మూడో స్ట్రింగ్ నిజంగానే ముసలిదవుతోంది. కిలోవాటుకు ఏడాదికి 1,500 యూనిట్ల చొప్పున వేసుకుంటే ఆ స్ట్రింగ్ ఇచ్చేది 8,800 యూనిట్లు, అందులో ఐదున్నర శాతం అంటే 480. ఎండ తగ్గినప్పుడు కరెంటు తగ్గి ఈ రకం నష్టం ఇంకా వేగంగా తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క అంతకంటే తక్కువే. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి నాలుగు వేలు దాటదు. దానికోసం లక్ష దాటే ఖర్చుతో 18 ప్యానెళ్లు మార్చడం దండగ. వచ్చే ఏడు ఇదే నెలలో, ఇదే వేళకు మూడు గీతలూ మళ్లీ తీయించి, మూడోదాని మలుపు ఇంకా ఎంత జారిందో చూసుకుంటే అప్పుడు నిర్ణయించుకోవచ్చు.